మూడు వోలటాలిటీ నంబర్లు, ఒకే సాయంత్రం: ఈడబ్ల్యూఎంఏకీ మామూలు స్టాండర్డ్ డీవియేషన్‌కీ తేడా ఎక్కడ వస్తుంది

ప్రశ్న: నిఫ్టీ రోజువారీ రిటర్న్స్ మీద ఎక్సెల్‌లో STDEV.S వేసి 60 రోజుల వోలటాలిటీ తీస్తుంటాను. 2024 జూన్ ఎన్నికల ఫలితాల వారం లెక్క చూస్తే నా నంబరు ఒకటి, మా ఫ్రెండ్ ఈడబ్ల్యూఎంఏ (లాంబ్డా 0.94) నంబరు ఇంకొకటి, ఎన్‌ఎస్‌ఈ వోలటాలిటీ ఫైల్లో వాడే ఫార్ములాతో వచ్చేది మరొకటి. ఇందులో ఏది కరెక్టు? రేపటి అంచనాకి దేన్ని తీసుకోవాలి సార్?

జవాబు:

మూడూ కరెక్టే. మూడింటికీ ముడిసరుకు ఒకటే, రోజువారీ రిటర్న్‌లు. పాత రోజుల్ని ఎంత తొందరగా మర్చిపోవాలన్న దగ్గరే తేడా. రేపటి ఒక్కరోజు అంచనాకైతే నేను మీ ఫ్రెండ్ నంబరునే తీసుకుంటాను, కానీ దాన్నే నెల రోజులకి సాగదీస్తే మాత్రం ఒప్పుకోను. మీరు ఆ వారాన్నే అడిగారు కాబట్టి అదే వారం మీద లెక్క వేసి చూపిస్తాను.

మీ 60 రోజుల పద్ధతి అరవై సీట్ల బస్సు లాంటిది. కొత్త రిటర్న్ ఎక్కగానే అన్నిటికన్నా పాతది దిగిపోతుంది. లోపల ఉన్నంతసేపు నిన్న ఎక్కినదానికీ మూడు నెలల కిందట ఎక్కినదానికీ ఒకటే విలువ. ఈడబ్ల్యూఎంఏ, అంటే ఎక్స్‌పొనెన్షియల్లీ వెయిటెడ్ మూవింగ్ యావరేజ్, చెరువు లాంటిది. ఉన్న నీటిలో రోజూ వందకు ఆరు వంతులు తూములోంచి పోతాయి, ఇవాళ్టి వాన వచ్చి చేరుతుంది. ఏ నీటి బొట్టూ ఫలానా రోజున ఉన్నట్టుండి మాయం కాదు, పలచబడుతూ పోతుంది. ఫార్ములా ఇంతే:

```
σ²(రేపు) = 0.94 × σ²(ఇవాళ్టికి వేసిన అంచనా) + 0.06 × r²(ఇవాళ)
```

r అంటే ఇవాళ్టి లాగ్ రిటర్న్, అంటే LN(ఇవాళ్టి క్లోజ్ / నిన్నటి క్లోజ్). సగటును తీసివేయం, సున్నా అనుకుంటాం. ఒక్కరోజు లెక్కలో సగటు రిటర్న్ వోలటాలిటీ ముందు చాలా చిన్నది. పైగా కొద్ది రోజుల డేటాతో దాన్ని సరిగ్గా కొలవనూ లేం. STDEV.S సగటు తీసేస్తుంది. మీ ఇద్దరి నంబర్ల మధ్య కొంచెం తేడా దానివల్ల కూడా వస్తుంది గానీ, అసలు కారణం అది కాదు.

ఇప్పుడు జూన్. మే 31న నిఫ్టీ 22,530.70 దగ్గర ముగిసింది. జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపులో 23,263.90. జూన్ 4న ఫలితాలు వస్తుంటే 21,884.50కి పడింది. 5న 22,620.35, 6న 22,821.40, 7న 23,290.15. లాగ్ రిటర్న్‌లు వరుసగా +3.20, −6.11, +3.31, +0.88, +2.03 శాతం.

పోలిక సమంగా ఉండటం కోసం మే 31 సాయంత్రానికి అన్ని పద్ధతులూ రోజుకి 0.80 శాతం దగ్గరే ఉన్నాయనుకుందాం. 60 రోజుల లెక్కలో బస్సు దిగే పాత రోజులు కూడా సగటున అంతేనని పెట్టాను. ఇది నేను వేసుకున్న ఆరంభం. మీ షీట్‌లో అసలు డేటాతో వేస్తే దశాంశాలు కాస్త అటూ ఇటూ అవుతాయి, కథ మారదు.

జూన్ 3 సాయంత్రం ఈడబ్ల్యూఎంఏ వేరియన్స్, అంటే వోలటాలిటీ వర్గం: 0.94 × 0.64 = 0.602. దానికి 0.06 × 10.26 = 0.615 కలిపితే 1.217. వర్గమూలం 1.10 శాతం. జూన్ 4 సాయంత్రం: 0.94 × 1.217 = 1.144, దానికి 0.06 × 37.36 = 2.242 కలిపితే 3.386. అంటే 1.84 శాతం. జూన్ 5 సాయంత్రానికి 1.96 శాతం. అదే మూడు రోజుల్లో మీ 60 రోజుల పద్ధతి 0.89, 1.19, 1.26 అని నడిచింది. ఎన్‌ఎస్‌ఈ వాడే 0.995 లాంబ్డాతో అయితే 0.83, 0.93, 0.96.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జూన్ 4 పతనాన్ని వీటిలో ఏదీ ముందుగా చెప్పలేదు. 3వ తేదీ సాయంత్రం ఈడబ్ల్యూఎంఏ అంచనా 1.10 అయితే మర్నాడు వచ్చింది 6.11, అంటే ఐదున్నర రెట్లు. మీ పద్ధతిలో దాదాపు ఏడు రెట్లు. రెండూ వెనక అద్దంలో చూస్తూ బండి నడిపేవే. తేడా తెలిసేది దెబ్బ తగిలిన మర్నాడు. జూన్ 5న నిఫ్టీ 3.31 శాతం కదిలింది. 4వ తేదీ సాయంత్రం ఈడబ్ల్యూఎంఏ ఇచ్చిన 1.84 ప్రకారం అది 1.8 రెట్ల కదలిక, అప్పుడప్పుడూ వచ్చేదే. మీ 1.19 ప్రకారం 2.8 రెట్లు. మీ నంబరును నమ్మి ఆ సాయంత్రం పొజిషన్ సైజు నిర్ణయించిన వాళ్లు మోయాల్సినదానికన్నా ఎక్కువ మోశారు. పెద్ద కదలిక తర్వాత పెద్ద కదలికలే (ఎటువైపైనా సరే) వరసగా వస్తుంటాయి. మార్కెట్‌కి ఉన్న ఈ గుణాన్నే ఈడబ్ల్యూఎంఏ వాడుకుంటుంది. దాని బలం అంతా అక్కడే.

కానీ చాలామంది ఇక్కడే తప్పుడు పోలిక పెట్టేస్తారు. 0.94ని 60 రోజులతోనో 252 రోజులతోనో పోల్చి "ఈడబ్ల్యూఎంఏ సూపర్" అంటారు. అది సరిసమానమైన పోటీ కాదు. 0.94లో ఒక రిటర్న్ బరువు సగానికి పడటానికి సుమారు 11 ట్రేడింగ్ రోజులు పడుతుంది. సగటు వయసు లెక్కన చూస్తే 0.94కి జోడీ అయ్యే మామూలు విండో 2/(1−λ) − 1, అంటే దాదాపు 32 రోజులు. 32 రోజుల విండో వేసి చూడండి, జూన్ 5 సాయంత్రానికి 1.55 వస్తుంది. 1.26 ఎక్కడ, 1.55 ఎక్కడ! మీ ఇద్దరి మధ్య ఉన్న 0.70 తేడాలో నలభై శాతానికి పైగా విండో పొడవు వల్ల వచ్చిందే, పద్ధతి గొప్పతనం కాదు. మిగిలినదే పద్ధతి తెచ్చిన తేడా.

పద్ధతి తేడా బాగా కనిపించే చోటు మరొకటి ఉంది, ఆగస్టు నెలాఖరు. జూన్ 4 రిటర్న్ మీ 60 సీట్ల బస్సులో ఆగస్టు 29 దాకా కూర్చుంటుంది, ఆగస్టు 30న దిగుతుంది. మధ్య రోజులన్నీ మామూలుగా 0.80 దగ్గరే గడిచాయని పెట్టుకుంటే, ఆ ఒక్క రోజున మీ నంబరు 1.22 నుంచి 0.93కి పడిపోతుంది. ఆ రోజు మార్కెట్లో ఏమీ జరగక్కర్లేదు. మూడు నెలల కిందటి రోజు లెక్కలోంచి జారిపోయింది, అంతే. మా డెస్క్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇలాంటి పతనం చూసి "సార్, మార్కెట్ చల్లబడింది" అంటూ వస్తుంటారు. నేను అడిగేది ఒకటే: అరవై రోజుల కిందట ఏం జరిగిందో చూశారా? మీ చార్టులో వోలటాలిటీ నిట్టనిలువుగా ఎక్కి, బల్లపరుపుగా నడిచి, మళ్లీ నిట్టనిలువుగా దిగితే అది మార్కెట్ ఆకారం కాదు, మీ విండో ఆకారం.

ఈడబ్ల్యూఎంఏకి ఈ జబ్బు లేదు. దానికి వేరే జబ్బు ఉంది: లిఫ్టులో ఎక్కుతుంది, మెట్ల మీద దిగుతుంది. ఎక్కడానికి హద్దు లేదు, ఒక్క రోజులో 1.10 నుంచి 1.84కి వెళ్లింది. దిగడానికి మాత్రం హద్దుంది. నిఫ్టీ అసలు కదలకపోయినా 0.94 వర్గమూలం 0.97 కాబట్టి రోజుకి మూడు శాతానికి మించి తగ్గలేదు. తర్వాతి వారం చూడండి. జూన్ 10 నుంచి 14 దాకా ఐదు రోజుల్లో ఒక్కరోజు కూడా నిఫ్టీ క్లోజింగ్ మీద 0.35 శాతం దాటి కదల్లేదు. అయినా 14వ తేదీ సాయంత్రం ఈడబ్ల్యూఎంఏ ఇంకా 1.65 అంటూనే ఉంది.

దీని వెనక ఇంకో సంగతి ఉంది. ఆప్షన్ ధరల్లోంచి మార్కెట్ ఊహిస్తున్న వోలటాలిటీని చెప్పే ఇండియా విక్స్ జూన్ 4న 26 దాటి ముగిసింది. మర్నాడు, నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగిన ఆ రోజునే, విక్స్ 19 దగ్గరికి జారిపోయింది. అదే రోజు ఈడబ్ల్యూఎంఏ 1.84 నుంచి 1.96కి పెరిగింది! ఆప్షన్లు కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ టెన్షన్ తీరిపోయిందని, ప్రభుత్వం ఎవరిదో తేలుతోందని తెలుసు. ఫార్ములాకి తెలిసింది 3.31 వర్గం ఒక్కటే. పెరిగిందా పడిందా అన్నది కూడా దానికి అక్కర్లేదు. ఎన్నికలు, బడ్జెట్, కంపెనీ రిజల్ట్స్ లాంటి తేదీ ముందే తెలిసిన సంఘటనలకి ఈడబ్ల్యూఎంఏ ముందు రోజు తక్కువ చెప్తుంది, తర్వాత చాలా రోజులు ఎక్కువ చెప్తుంది. అలాంటి వారాల్లో నేను ఇంప్లైడ్ వోలటాలిటీ పక్కన పెట్టుకుని గానీ ఈ నంబరు చూడను.

అందుకే నెల రోజుల అంచనాకి వద్దన్నాను. ఈడబ్ల్యూఎంఏ దృష్టిలో రేపూ ఎల్లుండీ నెల తర్వాతా ఒకే వోలటాలిటీ. మామూలు స్థాయికి తిరిగి రావడం అన్న ఊహే ఆ ఫార్ములాలో లేదు. జూన్ 5 సాయంత్రం 1.96ని 21 రోజుల వర్గమూలంతో గుణిస్తే నెలకి 9 శాతం వస్తుంది. అది ఆ మూడు రోజులు నెలంతా సాగుతాయని చెప్పడమే. నెలకీ మూడు నెలలకీ కావాలంటే పొడుగు విండో మామూలు స్టాండర్డ్ డీవియేషన్ ఇంతకన్నా నయం. దీర్ఘకాలపు సగటు వైపు లాగే గార్చ్ ఇంకా నయం, కానీ దానికి పారామీటర్లు అంచనా వేసే పని తోడవుతుంది.

ఎన్‌ఎస్‌ఈ సంగతికి వస్తాను. 0.94 అనేది జేపీ మోర్గాన్ 1990లలో బయటపెట్టిన రిస్క్‌మెట్రిక్స్ పద్ధతిలో రోజువారీ డేటాకి పెట్టుకున్న అంకె. నెలవారీకి వాళ్లు 0.97 వాడారు. మన దగ్గర ఇండెక్స్ ఫ్యూచర్స్ మొదలుకాకముందే, 1998లో జయంత్ వర్మ కమిటీ మార్జిన్ల కోసం ఇదే 0.94ని సూచించింది. చాలా ఏళ్లు అదే నడిచింది. 2020లో సెబీ దాన్ని 0.995కి మార్చింది. ఇప్పుడు ఫైలు తెరిస్తే కాలమ్ తలకట్టులోనే Sqrt(0.995*D*D + 0.005*C*C) అని కనిపిస్తుంది. ఇక్కడ D నిన్నటి వోలటాలిటీ, C ఇవాళ్టి లాగ్ రిటర్న్.

0.995 అంటే బరువు సగం కావడానికి 138 ట్రేడింగ్ రోజులు, ఆరు నెలలకి పైగా. జూన్ 4 లాంటి రోజు దాన్ని 0.83 నుంచి 0.93కి మాత్రమే కదిపింది. మార్జిన్ వసూలు చేసేవాళ్లకి అలా నిదానంగా ఉండటమే కావాలి. పడిన రోజునే అందరినీ రెట్టింపు డబ్బు కట్టమంటే, కట్టలేనివాళ్లు అమ్ముతారు, అది ఇంకా పడేస్తుంది. కాబట్టి ఆ నంబరు రేపటి అంచనా కోసం తయారైనది కాదు. వేరే పనికోసం ఉన్నది.

ఇంకో చిన్న చిక్కు కూడా ఉంది. ఆ ఫైల్లో ఏడాది వోలటాలిటీకి రోజు నంబరును Sqrt(365)తో గుణిస్తారు. మీరూ మీ ఫ్రెండూ బహుశా 252 వర్గమూలంతో గుణిస్తున్నారు. జూన్ 5 సాయంత్రానికి మీ 1.26 ఏడాదికి 20 శాతం అవుతుంది. ఆ ఫార్ములాతో 0.96 కూడా 365 వల్ల 18.3 శాతంగా కనబడుతుంది. దాదాపు ఒకటే అనిపిస్తుంది గానీ రోజు లెక్కలో మీది మూడో వంతు ఎక్కువ. ఎప్పుడు పోల్చినా రోజు నంబర్లే పోల్చండి.

మీ షీట్‌లో వేసుకోవడానికి: D కాలమ్‌లో లాగ్ రిటర్న్, E కాలమ్‌లో వోలటాలిటీ ఉంటే, E2లో ఆరంభపు వోలటాలిటీ ఒకటి వేసి, E3లో `=SQRT(0.94*E2^2+0.06*D3^2)` అని పెట్టి కిందకి లాగండి. పైథాన్‌లో అయితే:

```
r = np.log(close / close.shift(1)).dropna()
v = (r**2).ewm(alpha=0.06, adjust=False).mean()
forecast = np.sqrt(v).shift(1)
```

చివరి `shift(1)` మర్చిపోతే ఇవాళ్టి రిటర్న్ ఇవాళ్టి అంచనాలోనే కలిసిపోతుంది. ఫలితాలు నమ్మలేనంత బాగా వస్తాయి. అంత బాగా వస్తే అనుమానించాల్సింది దాన్నే. ఇక `r.ewm(...).std()` వేయకండి, అది సగటును తీసేసి వేరే లెక్క చేస్తుంది. మొదటి విలువ గురించి కూడా జాగ్రత్త. పై కోడ్ మొదటి రోజు r²తోనే మొదలుపెడుతుంది. 0.94తో దాని ప్రభావం 75 రోజుల్లో ఒక శాతానికి దిగుతుంది కాబట్టి మొదటి మూడు, నాలుగు నెలలు వదిలేస్తే చాలు. 0.995తో అదే స్థాయికి దిగడానికి 900 ట్రేడింగ్ రోజులు దాటుతుంది, మూడున్నరేళ్లకి పైనే. ఎన్‌ఎస్‌ఈ నంబరును ఇంట్లో ఏడాది డేటాతో తయారు చేద్దామంటే కుదరకపోవడానికి కారణం ఇదే. వాళ్ల ఫైల్లోంచి ఏదో ఒక రోజు D, అంటే నిన్నటి వోలటాలిటీ, తీసుకుని అక్కణ్నుంచి నడపండి, దశాంశాలతో సహా కలుస్తుంది.

ఏది మీకు బాగా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే, రిటర్న్‌నీ వోలటాలిటీనీ శాతాల్లోనే పెట్టి, ప్రతిరోజూ ముందు సాయంత్రపు అంచనా వేరియన్స్‌తో LN(σ²) + r²/σ² లెక్కవేసి సగటు తీయండి. తక్కువ వచ్చినదే మెరుగు. జూన్ 5కి ఈడబ్ల్యూఎంఏ 4.45, మీ 60 రోజులు 8.09. జూన్ 11 లాంటి కదలని రోజున మీది 0.5 దగ్గర, ఈడబ్ల్యూఎంఏ 1.24. అంటే నెమ్మది రోజుల్లో అది కొంచెం కొంచెం ఓడుతుంది, చెడ్డ రోజున ఒక్కసారి బాగా గెలుస్తుంది. అందుకే పది రోజుల డేటా చూసి తీర్పు చెప్పకూడదు. కనీసం నాలుగైదేళ్లు, 2020 మార్చి కూడా ఉండేలా తీసుకుని, 0.94, 0.97, ఇంకా 32, 60 రోజుల విండోలు, నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

విడి షేర్ల మీద వేసేటప్పుడు అడ్జస్ట్ చేసిన ధరలు వాడుతున్నారో లేదో ముందు చూసుకోండి. నేను పనిచేసిన ఒక చోట ఒకటికొకటి బోనస్ వచ్చిన షేరు ధర ఫీడ్‌లో అడ్జస్ట్ కాలేదు. ధర సగానికి దిగింది, లాగ్ రిటర్న్ −69.3 శాతం. దాని వర్గంలో 0.06 వంతు చేరగానే రోజు వోలటాలిటీ 2 నుంచి 17 శాతానికి ఎగిరింది. ఆ ఉదయం అందరూ చూశారు, ధర సరిచేశారు. కానీ వోలటాలిటీ కాలమ్‌ని వెనక్కి వెళ్లి మళ్లీ నడపలేదు. ఫార్ములాకి నిన్నటి నంబరు ఒక్కటే గుర్తుంటుంది కదా, ఆ తప్పును అలాగే మోసుకుంటూ వచ్చింది. మూడు నెలల తర్వాత కూడా ఆ షేరు 3 శాతం దగ్గర ఉంది. అప్పటికి చూసేవాళ్లకి అది నమ్మదగిన అంకెలాగే కనబడుతోంది. మీ 60 రోజుల పద్ధతిలో అయితే అదే తప్పు 9 శాతంగా బల్లపరుపున రెండు, మూడు నెలలు కనిపించి ఉండేది, ఎవరో ఒకరు పట్టుకునేవారు.